సెప్టిక్ ట్యాంకు పెద్దది కట్టడం కాదు, ఇంకే చోటు చూసుకోవడం ముఖ్యం

పైన వీడియోలో పొలం గట్టు పక్కన గుంట తవ్వి, అందులో నీళ్లు పోసి, స్కేలు పెట్టి కొలుస్తున్నది నేనే. అది చూసి చాలామంది ఫోన్ చేసి "ఇది ఫారం పాండ్‌కా, బోరు రీఛార్జికా?" అని అడిగారు. రెండూ కాదండీ. మా పొలం ఇంటి మరుగుదొడ్డి నీళ్లు ఎక్కడ ఇంకాలో తేల్చుకోవడానికి చేసిన పరీక్ష అది. ఆ పరీక్ష ఇల్లు కట్టక ముందే చేసుంటే మాకు ఇంత కథ ఉండేది కాదు. వీడియోలో చెప్పడానికి టైం చాలలేదు కాబట్టి మొత్తం ఇక్కడ రాస్తున్నా.

మాది కదిరి వైపు ఎర్ర నేల. పైన మూడు నాలుగు అడుగులు ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద రాయి. ఎనిమిదేళ్ల కింద పొలంలో ఇల్లు కట్టినప్పుడు, "లెట్రిన్‌కి ఏం చేద్దాం?" అంటే మేస్త్రి ఒక్క మాట చెప్పాడు. "పదడుగుల లోతు తవ్వి వరలు దింపేద్దాం అన్నా, అడుగు వేయొద్దు, నీళ్లు భూమిలోకి పోతాయి, జన్మలో నిండదు." ఖర్చు తక్కువ, ఎత్తించే పని లేదు. నేనూ సరే అన్నా. దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టుకున్నాం. మా బోరుకి అది 25 అడుగుల దూరం.

పోయినేడాది వానాకాలంలో ఇంట్లో పిల్లలకు, మా అమ్మకు విడవకుండా విరేచనాలు పట్టుకున్నాయి. మొదట బయటి తిండి అనుకున్నాం. ఒక మిత్రుడు బోరు నీళ్లు పరీక్ష చేయమన్నాడు. పంచాయతీల్లో నీటి పరీక్షల కిట్లలో చిన్న సీసా ఉంటుంది. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు పక్కన పెడితే, మలం వల్ల కలిసే క్రిములు ఉన్నప్పుడు నీళ్లు నల్లబడతాయి. మా సీసా తెల్లారేసరికి నల్లబడింది. పొలంలో గ్రాము యూరియా వెయ్యను, పురుగు మందు వాసన రానివ్వను అని చెప్పుకునే నేను, నా ఇంటి మలాన్ని నా బోరులోకే పంపుకుంటున్నా. నాకు సిగ్గేసింది. అందుకే ఈ రాత.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మనవాళ్లు డబ్బులూ ఆలోచనా అంతా ట్యాంకు సైజు మీద పెడతారు. నిజానికి ట్యాంకు చిన్నదైతే సరిపోతుంది. ఆలోచించాల్సింది దాని తర్వాత వచ్చే ఇంకుడు గుంట గురించి, అది ఉండే చోటు గురించి. ఎందుకో చూడండి.

శుద్ధి చేసేది ట్యాంకు కాదు, నేల

సెప్టిక్ ట్యాంకు చేసే పని చాలా తక్కువ. నీళ్లను ఒక రోజు పాటు కదలకుండా నిలబెడుతుంది. బరువైనది అడుక్కి మడ్డిలా దిగుతుంది, జిడ్డు పైకి తెట్టులా తేలుతుంది, మధ్యలో ఉన్న మబ్బు నీళ్లు బయటికి పోతాయి. అడుగున గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు మడ్డిని నెమ్మదిగా కుళ్లబెట్టి తగ్గిస్తాయి. అంతే. బయటికి వచ్చే నీళ్లు చూడ్డానికి పలచగా ఉన్నా వాటిలో రోగక్రిములు అలాగే ఉంటాయి. "సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చింది కదా, మంచి నీళ్లే" అని పెరటి కాలువలోకో, రోడ్డు పక్కకో వదిలేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇదే.

ఆ నీళ్లను బాగు చేసేది మట్టి. నీళ్లు ఇంకే చోట గుంట గోడలకి ఒక జిగురు పొర పడుతుంది. అది సూక్ష్మజీవుల పొర. దాని వెనక ఉన్న మట్టిలో గాలి ఆడుతుంటే, నీళ్లు మెల్లగా దిగుతుంటే, అక్కడి జీవులు రోగక్రిములను పట్టి తినేస్తాయి. ఇది మనకి కొత్త విషయం కాదు. పొలంలో పై అడుగు మట్టిలోనే జీవం ఎక్కువ, లోతుకు పోయేకొద్దీ తగ్గుతుంది అని మనమే రోజూ చెబుతుంటాం. ఇక్కడా అంతే. అందుకే ఇంకుడు గుంట వీలైనంత పైపైన ఉండాలి, దాని అడుగుకూ భూగర్భ జలానికీ మధ్య తడి లేని మట్టి కనీసం ఆరడుగులు ఉండాలి. అది కూడా ఎండాకాలం లెక్క కాదు, వానాకాలం లెక్క.

మా పాత గుంటలో జరిగిన తప్పు ఇదే. పదడుగులు తవ్వి, జీవం ఉన్న మట్టిని దాటేసి, నీళ్లను నేరుగా రాతి పగుళ్ల దగ్గరికి తీసుకెళ్లాం. మట్టి వడగట్టినట్టు రాతి పగులు వడగట్టదు. అందులో నీళ్లు గొట్టంలో పోయినట్టు పోతాయి. "మా ట్యాంకు ఇరవై ఏళ్లయినా ఎత్తించలేదు" అని గొప్పగా చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. అడుగు, గోడలు గట్టిగా ఉన్న ట్యాంకు మూడు నాలుగేళ్లకు మడ్డి పట్టకుండా ఉండదు. ఎప్పటికీ నిండలేదంటే అది కారుతోందని అర్థం. ఎక్కడికి కారుతోందో అనేదే ప్రశ్న.

ముందు నేలను అడగండి

ఇల్లు ప్లాను వేసేటప్పుడే ఈ పరీక్ష చేయండి. ఖర్చు లేదు, రెండు రోజులు పడుతుంది. ఇంకుడు గుంట ఎక్కడ అనుకుంటున్నారో అక్కడ, దాని లోతు వరకు, జానెడు నుంచి అడుగు వెడల్పున్న గుంత తవ్వండి. పార తగిలి గోడలు నున్నగా అవుతాయి. ఆ నునుపు నీళ్లను ఇంకనివ్వదు, కాబట్టి మేకుతో గీకి గరుకు చేయండి. రాలిన మట్టి తీసేసి, అడుగున రెండంగుళాలు ముతక ఇసుక వేయండి. ఇప్పుడు ఇసుక పైన ఒక అడుగు ఎత్తున నీళ్లు పోసి, తగ్గినప్పుడల్లా మళ్లీ పోస్తూ రాత్రంతా నాననివ్వండి.

ఈ నానబెట్టడం మానేస్తే పరీక్ష అబద్ధం చెబుతుంది. ముఖ్యంగా నల్లరేగడిలో. ఎండాకాలం రేగడి బీటలు వారి ఉంటుంది, పోసిన నీళ్లు గటగటా తాగేస్తుంది. అది చూసి "బాగా ఇంకుతోంది" అనుకుంటాం. మొదటి వానకి బీటలు మూసుకుపోయి చుక్క కూడా దిగదు. అప్పుడు లెట్రిన్ బేసిన్‌లో నీళ్లు పైకి తన్నుతాయి.

మర్నాడు నీళ్లను ఇసుక పైన 15 సెంటీమీటర్ల ఎత్తుకు సరిచేసి, అరగంటలో ఎంత దిగిందో కొలవండి. రాత్రి పోసిన నీళ్లు మొత్తం ఇంకిపోయి ఉంటే, మళ్లీ 15 సెంటీమీటర్లు పోసి అరగంటకొకసారి కొలుస్తూ, తిరిగి నింపుతూ నాలుగు గంటలు చేయండి. చివరి అరగంట కొలతే లెక్క. 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం, దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో అదే మీ నేల జవాబు.

30 నిమిషాల లోపు అయితే ఇంకుడు గుంట పని చేస్తుంది. 30 నుంచి 60 నిమిషాల మధ్య అయితే గుంట వద్దు, అడుగున్నర రెండడుగుల లోతులో కంకర వేసిన పొడవాటి కాలువల్లో చిల్లుల పైపు పరిచి నీళ్లను విడగొట్టి ఇంకించాలి. 60 దాటితే ఆ నేల నీళ్లు తీసుకోదు అని ఒప్పుకోవాలి. రేగడి రైతులు చాలామంది ఈ వరసలోనే ఉంటారు. అక్కడ లోతుకు తవ్వడం పరిష్కారం కాదు, పైకి రావాలి. బయటి నుంచి ఇసుక, కంకర తెచ్చి ఎత్తుగా దిబ్బ వేసి, దాని మీద అరటి, మెట్టతామర లాంటి నీళ్లు బాగా తాగే మొక్కలు పెట్టి, వేర్ల ద్వారానే ఎక్కువ నీళ్లు ఆవిరయ్యేలా చూసుకోవాలి. దానికి ఇంజనీరు సలహా తీసుకోండి. మేస్త్రి నోటి లెక్కతో చేయొద్దు.

మా ఎర్ర నేలలో కొత్త చోట చివరి అరగంటలో 5 సెంటీమీటర్లు దిగింది. అంటే అంగుళానికి 15 నిమిషాలు. మంచి నేలే.

మా ఇంటి లెక్క

ఇంట్లో ఉండేది ఐదుగురం. పగలు కూలీలు, పొలం చూడ్డానికి వచ్చేవాళ్లు కలిపి సగటున ఇంకో ఐదుగురు వాడతారు. ఇక్కడే నేను మొదట పొరపాటు పడబోయాను. స్నానాల నీళ్లు, బట్టల నీళ్లు, వంటింటి నీళ్లు అన్నీ కలిపి ఒకే పైపులో ట్యాంకుకు పంపుదామని ప్లంబర్ అన్నాడు. కాగితం మీద లెక్క వేస్తే తేడా తెలిసింది.

మరుగుదొడ్డి నీళ్లు మాత్రమే అయితే, ఇంట్లోవాళ్లకి మనిషికి రోజుకు 40 లీటర్లు, పగటి మనుషులకు 20 లీటర్లు వేసుకున్నా. మొత్తం 300 లీటర్లు. మా నేలలాగా అంగుళానికి 15 నిమిషాలు పట్టే నేల, గుంట గోడ ఒక చదరపు మీటరుకు రోజుకు 52 లీటర్లు తీసుకుంటుందని భారత ప్రమాణాల పట్టికలో ఉంది. 300ని 52తో భాగిస్తే దాదాపు 5.8 చదరపు మీటర్ల గోడ కావాలి. నాలుగడుగుల వ్యాసం ఉన్న గుంటకి ప్రతి మీటరు లోతుకూ 3.77 చదరపు మీటర్ల గోడ వస్తుంది. అంటే పైపు కింద ఐదడుగుల లోతు ఉంటే సరిపోతుంది.

అదే స్నానాలు, బట్టలు, వంటింటివి మరో 500 లీటర్లు కలిపితే రోజుకు 800 లీటర్లు. అప్పుడు అదే గుంట పైపు కింద పదమూడడుగుల పైన లోతు కావాలి. మళ్లీ రాతి పగుళ్ల దగ్గరికే వెళ్తాం. పైగా అన్ని నీళ్లు ఒక్కసారిగా వస్తే ట్యాంకులో మడ్డి కదిలి బయటికి కొట్టుకొస్తుంది. సబ్బు నీళ్లూ, మలం నీళ్లూ వేరు చేయడమే ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా చవకైన నిర్ణయం. దానికి ఖర్చు ఇంకో పైపు లైను మాత్రమే. గోడలు లేవక ముందు చేసుకుంటే అదీ పెద్దగా తెలియదు. గచ్చు వేశాక అయితే పగలగొట్టాలి.

స్నానాల నీళ్లు మేం నేరుగా అరటి గుంటల్లోకి వదిలాం. వంటింటి నీళ్లకి ముందు చిన్న తొట్టి కట్టి, జిడ్డు తేలేలా చేసి, తర్వాత అదే అరటికి పంపాం. ఆ తొట్టిలో జిడ్డు వారానికోసారి తీసి కంపోస్టులో వేస్తాం. ఈ నీళ్లు కూడా ఆకుకూరల మీద, కింద తాకే కూరగాయల మీద పారించకండి.

ట్యాంకు ఎంత చాలు

ఇప్పుడు ట్యాంకు. మరుగుదొడ్డి నీళ్లకి ఐదుగురికి ఒకటిన్నర మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, ఒక మీటరు పైచిలుకు నీటి లోతు ఉంటే, మూడేళ్లకోసారి ఎత్తించుకుంటూ సరిపోతుంది. అడుగుల్లో 5, 2.5, 3.5. మా ఊళ్లో ఐదుగురున్న ఇంటికి పది అడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల లోతు ట్యాంకులు చూశాను. అంటే 22 వేల లీటర్ల పైన. కావాల్సింది 1200 లీటర్ల లోపు. ఆ మిగిలిన సిమెంటు, ఇటుక డబ్బులతో ఇంకుడు గుంటలు రెండు వచ్చేవి.

మేం పగటి మనుషుల్ని కూడా లెక్కలో వేసుకుని పదిమందికి కట్టాం. లోపలి కొలత 2 మీటర్ల పొడవు, 0.9 మీటర్ల వెడల్పు, నీళ్ల లోతు 1.4 మీటర్లు, పైన గాలికి ఒక అడుగు. దాదాపు 2500 లీటర్లు. మధ్యలో ఒక అడ్డుగోడ పెట్టి మొదటి గది రెండు వంతులు, రెండో గది ఒక వంతు చేశాం. గోడకి చిల్లులు మధ్య ఎత్తులో ఉంచాం, అడుగు మడ్డీ పై తెట్టూ అవతలికి పోకుండా. లోపలికి వచ్చే చోట, బయటికి పోయే చోట టీ పైపులు కిందికి దించి పెట్టాం. బయటికి పోయే పైపు లోపలికి వచ్చే పైపు కన్నా రెండంగుళాలు కిందికి ఉండాలి. మేస్త్రిని వదిలేస్తే రెండూ ఒకే మట్టానికి పెడతారు, టీలు మర్చిపోతారు. టీ లేకపోతే తెట్టు నేరుగా ఇంకుడు గుంటలోకి పోయి ఏడాదిలో దాన్ని మూసేస్తుంది. స్లాబు వేయక ముందు మీరే టార్చి వేసి చూసుకోండి.

అడుగు కాంక్రీటు, లోపల నున్నటి సిమెంటు పూత తప్పదు. క్యూరింగ్ అయ్యాక ట్యాంకు నిండా నీళ్లు పోసి ఒక రోజు వదిలేయండి. గోడలు తాగేది తాగుతాయి. మళ్లీ మట్టానికి నింపి గీత పెట్టి, ఇంకో రోజు ఆగి చూడండి. గీత దిగితే కారుతున్నట్టే. మాది మొదటిసారి రెండంగుళాలు దిగింది. మూలల్లో పూత పగిలి ఉంది. గిలాబు మళ్లీ వేయించాం. ఆ రోజు నేను పట్టుపట్టకపోతే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

గాలి గొట్టం ఇంటి కప్పు కన్నా ఎత్తుకు తీసి, పైన దోమల జాలీ కట్టండి. జాలీ లేని గొట్టమంటే దోమలకి మనమే ఇల్లు కట్టిచ్చినట్టు.

గుంటలు, దూరాలు

ఇంకుడు గుంట తాగునీటి బావికి, బోరుకి కనీసం 18 మీటర్లు, అంటే 60 అడుగులు దూరం ఉండాలని నియమం. ఇంటి గోడకి 20 అడుగులు. నా మాట ఏమంటే, ఆ 60 అడుగులు మట్టి ఉన్న చోటికి. మా లాగా కింద పగుళ్ల రాయి ఉన్నవాళ్లు దాన్ని కనీసంగానే చూడాలి, స్థలం ఉంటే ఇంకా దూరం పోవాలి. మేం 110 అడుగులు పోయాం, అదీ పల్లం వైపు. భూమి లోపలి నీళ్లు కూడా మామూలుగా పల్లం వైపే నడుస్తాయి. మన బోరు ఎగువన ఉందని ఊరుకోకూడదు. మా దిగువన పక్క పొలం అన్న బావి ఉంది. ఆయనతో కలిసి టేపు పట్టుకుని కొలిచాకే చోటు ఖాయం చేశాం.

ఒక్క గుంట సరిపోయినా రెండు పెట్టాం. ఒక్కోటి నాలుగడుగుల వ్యాసం, పైపు కింద ఐదడుగుల లోతు. రెంటి మధ్య ఆరడుగులు. ముందు చిన్న ఛాంబరు కట్టి, ఆరు నెలలకొకసారి ఒక పైపు మూసి రెండోది తెరుస్తాం. విశ్రాంతిలో ఉన్న గుంట గోడలకి గాలి తగిలి, ఆ జిగురు పొర ఎండి, మట్టి మళ్లీ ఇంకించుకుంటుంది. పొలాన్ని బీడు పెట్టినట్టే. గోడలు ఇటుకలతో జాలీగా, మధ్యలో సిమెంటు లేకుండా కట్టించాం. చుట్టూ జానెడు కంకర. పైన స్లాబు. అడుగు మట్టే.

ఇంకో మాట. మన దగ్గర "ఇంకుడు గుంత" అనే పేరు వాన నీళ్ల గుంతకీ, దీనికీ రెంటికీ వాడుతున్నారు. బోరు పక్కన రీఛార్జి కోసం తవ్విన గుంతలోకి లెట్రిన్ పైపు కలిపిన ఇల్లు నేను స్వయంగా చూశాను. "రెండూ ఇంకుడు గుంతలే కదా" అన్నారు. వాన నీళ్ల గుంత బోరుకి దగ్గర ఉండాలి, ఇది దూరం ఉండాలి. కప్పు మీది వాన నీళ్లు ట్యాంకులోకి కూడా రానివ్వకూడదు. ఒక్క పెద్ద వానకి మడ్డి అంతా కొట్టుకుపోతుంది.

జీవామృతం పోయాలా?

ఇది మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న. కొత్త ట్యాంకుని ముందు బయటి పైపు మట్టం వరకు మంచి నీళ్లతో నింపాలి. తర్వాత బాగా కుళ్లిన పేడ, గోబర్ గ్యాస్ స్లర్రీ అయితే ఇంకా మంచిది, ఒక బకెట్ పోస్తే మొదలవుతుంది. ఇది మనం కనిపెట్టింది కాదు, భారత ప్రమాణాల్లోనే ఉంది. అక్కడితో ఆపేయండి. నెలనెలా జీవామృతం పోసేవాళ్లున్నారు. మలంతోనే రోజూ కోట్ల సూక్ష్మజీవులు వస్తున్నప్పుడు మనం పోసే దానితో పని లేదు. దానిలో బెల్లం, పిండి, పేడ పిప్పి ట్యాంకుకి అదనపు తిండి, అదనపు మడ్డి. నేను జీవామృతం నమ్మేవాణ్ణే. పొలానికి నమ్ముతా, ట్యాంకుకి కాదు. అలాగే లెట్రిన్ కడగడానికి యాసిడ్ సీసాలకి సీసాలు గుమ్మరించవద్దు. బ్రష్షుతో రోజూ తోమితే దాని అవసరం రాదు.

ఇంకో ప్రశ్న: "ట్యాంకు మడ్డి మంచి ఎరువే కదా, పొలానికి వేసుకోవచ్చా?" నా సమాధానం వద్దు అని. ట్యాంకులోకి రోజూ కొత్త మలం పడుతుంది, కాబట్టి అందులో పాతదీ కొత్తదీ కలిసే ఉంటాయి. నులిపురుగుల గుడ్లు మడ్డిలో చాలాకాలం బతుకుతాయి. మలాన్ని ఎరువు చేసుకోవాలని నిజంగా కోరిక ఉన్నవాళ్లు సెప్టిక్ ట్యాంకు కట్టకండి, రెండు గుంతల మరుగుదొడ్డి కట్టుకోండి. ఒక గుంత నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాదిన్నర ముట్టుకోకుండా వదిలేస్తే అది మట్టిగా మారుతుంది. దాన్ని చెట్లకి వేయొచ్చు. నేల బాగా ఇంకేది అయి, భూగర్భ జలం లోతుగా ఉండి, చెంబుతో నీళ్లు పోసుకునే ఇల్లు అయితే నిజానికి అదే మంచిది, చవక కూడా. మా ఇంట్లో ఫ్లష్ ట్యాంకులు, వచ్చిపోయేవాళ్లు ఎక్కువ కాబట్టి సెప్టిక్ ట్యాంకు దారి పట్టాం.

ఎత్తించే రోజు

ట్యాంకు పెట్టేటప్పుడే ట్యాంకరు లారీ ఎక్కడ ఆగుతుంది, దాని పైపు చేరుతుందా అని చూసుకోండి. మా పాత గుంట దగ్గరికి ట్రాక్టరు కూడా పోదు. అలాంటి చోట చివరికి ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఎవరో ఒక పేద మనిషికి నాలుగు డబ్బులిచ్చి లోపలికి దింపుతారు. మూత తీసి ఎంతసేపు ఉంచినా లోపల విష వాయువులు ఉండొచ్చు. ఒకరు పడిపోతే, కాపాడబోయిన రెండో మనిషి కూడా పోతాడు. రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచినా, మన మురికి కోసం ఒకరి ప్రాణం పోయే ఏర్పాటు మనం కట్టకూడదు.

ఎప్పుడు ఎత్తించాలో తెలుసుకోవడం తేలిక. ఏడాదికోసారి మూత తీసి, కాసేపు దూరంగా నిలబడి, తర్వాత పొడవాటి కర్రకి తెల్ల గుడ్డ చుట్టి అడుగు వరకు దించండి. తల లోపలికి పెట్టకండి, బీడీ అగ్గిపుల్ల దగ్గర ఉండకూడదు. గుడ్డకి నల్లగా అంటిన ఎత్తు మడ్డి లోతు. అది నీళ్ల లోతులో మూడో వంతు దాటితే లారీని పిలవండి. అడుగున కొంచెం మడ్డి మిగిలినా మంచిదే, మళ్లీ తోడు వేసినట్టు పనికొస్తుంది. బేసిన్‌లో నీళ్లు గుడగుడమంటూ మెల్లగా దిగుతున్నా, గుంట చుట్టూ ఎండాకాలంలో కూడా తడి, వాసన ఉన్నా ముందు ట్యాంకు చూడండి, తర్వాత గుంట మార్చండి.

పాత గుంటని లారీతో పూర్తిగా ఎత్తించి, మట్టితో పూడ్చేశాం. బోరుకి క్లోరిన్ వేయించాం. మూడు నెలలాగి, ఒక మంచి వాన పడ్డాక మళ్లీ సీసా పరీక్ష చేశాం. రెండు రోజులైనా రంగు మారలేదు. అయినా ప్రతి వానాకాలం ఒకసారి చేస్తూనే ఉంటాం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. మట్టి క్రిముల్ని ఆపుతుంది కానీ నైట్రేట్‌ని పూర్తిగా ఆపలేదు. పొలంలో ఇళ్లు దగ్గర దగ్గరగా కట్టుకునేవాళ్లు ఎన్ని గుంటలు, ఎన్ని బోర్లు అనేది అందరూ కూర్చుని ఒక కాగితం మీద గీసుకోవాలి.

ఇల్లు కట్టేవాళ్లు ఎవరైనా ఉంటే, ముగ్గు పోసే రోజుకి ముందే ఆ గుంత తవ్వి నీళ్లు పోయండి. అరగంటలో ఎంత దిగిందో, మీది ఏ నేలో కింద రాయండి. రేగడి నేలలో దిబ్బ కట్టి వాడుతున్న రైతులు ఉంటే తప్పకుండా రాయండి. వాళ్ల దగ్గరికి వెళ్లి తర్వాతి వీడియో చేద్దాం అనుకుంటున్నాం.